ఫార్సీలో రెండు మాటల మధ్య వినిపించే ఆ ‘ఎ’ సంగతి

ప్రశ్న: వీడియోలు చూసి సొంతంగా ఫార్సీ నేర్చుకుంటున్నాను. ‘కెతాబ్-ఎ ఖూబ్’ అంటే మంచి పుస్తకం అన్నారు. మధ్యలో ఆ ‘ఎ’ ఏమిటి? రాతలో చూస్తే కనిపించదు. కొన్నిచోట్ల ‘యె’ అంటున్నారు, కొన్నిచోట్ల అసలు ఏమీ అనడం లేదు. ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు? వ్యాకరణ పదాలు ఎక్కువ లేకుండా చిన్న చిన్న మాటలతో చెప్పగలరా?

జవాబు:

ఆ ‘ఎ’ పేరు ఎజాఫె. హైదరాబాదులో ఉర్దూ చదివినవారు ఇజాఫత్ అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు ‘చేర్చడం’ అని అర్థం. అది చేసే పని కూడా అంతే. ఒక నామవాచకం గురించి తరువాతి మాట ఏదో చెప్పబోతోందని ముందే తెలియజేసే ముడి అది. ఆ రెండో మాట గుణం కావచ్చు, సొంతదారు కావచ్చు, పేరు కావచ్చు. ముడి మాత్రం ఎప్పుడూ మొదటి మాట చివరనే పడుతుంది. హల్లుతో ముగిసే మాటకు ‘ఎ’, అచ్చుతో ముగిసే మాటకు ‘యె’. నామవాచకానికి ముందు వచ్చే మాటలకు, అంటే అంకెలకు, ‘ఈ’, ‘ఆ’, ‘ప్రతి’ వంటివాటికి ఈ ముడి అక్కర్లేదు.

మీ ప్రశ్నకు సూటి సమాధానం ఇంతే. అయితే ఇది తెలిసినవాళ్లు కూడా నెలల తరబడి తప్పులు చేస్తూనే ఉంటారు. ఇరవై ఏళ్లుగా సాయంత్రాలు ఫార్సీ పాఠాలు చెబుతున్నాను, మధ్యమధ్య వ్యాపారుల ఉత్తరాలు అనువదిస్తుంటాను. నేను చూసిన తప్పుల్లో సగం ఈ ఒక్క ‘ఎ’ దగ్గరే పుట్టాయి. వాటిలో నావీ ఉన్నాయి. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట. తెలుగు లిపిలో ఫార్సీ ధ్వనులన్నీ పలకవు. ‘జ’ అని రాసినచోట కొన్నిసార్లు పళ్ల మధ్య నుంచి గాలి జారే ధ్వని ఉంటుంది. వీడియోలు వింటున్నారు కాబట్టి దాన్ని చెవితో సరిచేసుకోండి. ఇక్కడ ముడి ఎక్కడుందో కనిపించాలని దాన్ని అడ్డగీత పెట్టి విడిగా రాస్తున్నాను.

తెలుగుకు అద్దంలో బొమ్మ

‘ఇంటి తలుపు’ అన్న మాట చూడండి. ఇందులో మారిన మాట ఏది? తలుపు మారలేదు, ఇల్లు మారి ‘ఇంటి’ అయింది. తెలుగులో గుర్తు సొంతదారు మీద పడుతుంది. ఊరు ‘ఊరి’ అవుతుంది, కాలు ‘కాలి’ అవుతుంది. ఫార్సీలో ఇదే మాట ‘దర్-ఎ ఖానె’. దర్ అంటే తలుపు, ఖానె అంటే ఇల్లు. ఇక్కడ ఇల్లు ఇల్లుగానే ఉంది, గుర్తు తలుపు మీద పడింది. మాటల వరుస తిరగబడింది, గుర్తు పడే చోటు కూడా తిరగబడింది.

ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే మిగతాది తేలిక. పెద్ద మాటల వరుస వచ్చినా ఇదే పద్ధతి. ‘నా సోదరుడి పెద్ద ఇల్లు’ అనాలి. తెలుగులో నాలుగు మాటలు: నా, సోదరుడి, పెద్ద, ఇల్లు. చివరి నుంచి వెనక్కి నడవండి: ఇల్లు, పెద్ద, సోదరుడు, నేను. ఫార్సీలో అదే వరుస:

ఖానె-యె బొజొర్గ్-ఎ బరాదర్-ఎ మన్

నాలుగు మాటలు, మూడు ముళ్లు. చివరి మాటకు ముడి లేదు, ఎందుకంటే దాని తరువాత కట్టవలసింది ఏమీ లేదు. నా దగ్గర చదివేవాళ్లకు మొదటి వారంలో నేను చెప్పే లెక్క ఇదే: మాటలు ఎన్ని ఉంటే ముళ్లు దానికి ఒకటి తక్కువ. పూలు, దారం లెక్క అనుకోండి.

బొజొర్గ్ (పెద్ద) నామవాచకం కాదు కదా, దానికి ముడి ఎలా వచ్చిందని అడగవచ్చు. ‘పెద్ద ఇల్లు’ అనే మొత్తం కట్టకు ఇప్పుడు సొంతదారును తగిలిస్తున్నాం. కట్ట చివర ఏ మాట ఉంటే ముడి దానిమీద పడుతుంది.

ఈ వరుసలో గుణం నామవాచకానికి అంటిపెట్టుకుని ఉంటుంది, సొంతదారు చివర వస్తాడు. దీనివల్ల ఫార్సీకి ఒక సౌకర్యం ఉంది, మనకు అది లేదు. ‘అందమైన రాజుగారి తోట’ అన్నారనుకోండి. అందం ఎవరిది, రాజుగారిదా తోటదా? తెలుగులో సందర్భం చూసి గ్రహించాలి. ఫార్సీలో ఆ పేచీ రాదు:

బాగ్-ఎ జీబా-యె షాహ్: రాజుగారి తోట, తోట అందమైనది.
బాగ్-ఎ షాహ్-ఎ జీబా: అందమైన రాజుగారి తోట, అందం రాజుగారిది.

గుణం ఎవరి వెనుక నిలబడితే వారిదే. ఒకసారి ఒక విద్యార్థి ‘నా మంచి పుస్తకం’ అనబోయి ‘కెతాబ్-ఎ మన్-ఎ ఖూబ్’ అన్నాడు. మాటలన్నీ ఉన్నాయి, ముళ్లూ ఉన్నాయి. కానీ దాని అర్థం ‘మంచివాణ్ణయిన నా పుస్తకం’ అని. ఫార్సీలో ‘మన్-ఎ బీచారె’ అనే వాడుక నిజంగానే ఉంది, ‘పాపం, నేను’ అని. అలాగే ఇతను తనను తానే పొగుడుకున్నట్టయింది. సరైన మాట ‘కెతాబ్-ఎ ఖూబ్-ఎ మన్’.

ఒక ఊరట కూడా ఉంది. ఫార్సీ గుణవాచకం లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి మారదు. పుస్తకాలు అయినా ‘కెతాబ్‌హా-యె ఖూబ్’. ‘హా’ బహువచనం, ఖూబ్ మాత్రం ఖూబే. మంచి పుస్తకం, మంచి పుస్తకాలు అన్నప్పుడు మన ‘మంచి’ కూడా కదలదు కదా, అలాగే.

‘ఎ’ ఎప్పుడు, ‘యె’ ఎప్పుడు

రెండు వజ్రాల పేర్లు గుర్తుంచుకోండి చాలు. రెండూ మన గోల్కొండ రాజ్యపు గనుల నుంచి వెళ్లినవని చెప్పేవే.

ఒకటి కోహినూర్. ఫార్సీలో ‘కూహ్-ఎ నూర్’. కూహ్ అంటే కొండ, నూర్ అంటే వెలుగు. వెలుగు కొండ. మనం చిన్నప్పటి నుంచి పలుకుతున్న ‘కోహినూర్’ మధ్యలోని ఆ ‘ఇ’ మరేమీ కాదు, మీరు అడిగిన ఎజాఫేనే. ఇరాన్‌లో నేడు ‘ఎ’ అంటారు, భారతదేశంలో ఫార్సీ నేర్చినవారు పాత పద్ధతిలో ‘ఇ’ అనేవారు.

రెండోది ఇప్పుడు టెహ్రాన్‌లోని రాజాభరణాల ఖజానాలో ఉంది. దాని పేరు ‘దర్యా-యె నూర్’. దర్యా అంటే సముద్రం. వెలుగు సముద్రం. దర్యా చివర ‘ఆ’ అనే అచ్చు ఉంది. అచ్చు మీద ‘ఎ’ పెడితే రెండు అచ్చులు ఢీకొంటాయి, మధ్యలో యకారం వచ్చి సర్దుతుంది. ‘మా అమ్మ ఎక్కడ’ అనే మాటను గబగబా అంటే ‘మాయమ్మెక్కడ’ అవుతుంది. తెలుగు చెవికి యడాగమం కొత్త కాదు, అందుకే మనవాళ్లు ఈ భాగం ఇట్టే పట్టేస్తారు.

కాబట్టి: గొల్-ఎ సొర్ఖ్ (ఎర్ర పువ్వు), మాదర్-ఎ తొ (నీ తల్లి), షహ్ర్-ఎ టెహ్రాన్ (టెహ్రాన్ నగరం). అచ్చు ఉంటే: పా-యె మన్ (నా పాదం), మూ-యె సియాహ్ (నల్లని జుట్టు), సందలీ-యె చూబీ (చెక్క కుర్చీ), ఆగా-యె అహ్మదీ (అహ్మదీ గారు).

పేచీ వచ్చేది ‘హే’ అనే అక్షరం దగ్గర. ఇది కొన్ని మాటల చివర హకారంగా పలుకుతుంది, కొన్నిచోట్ల పలకకుండా కేవలం ‘ఎ’ అనే అచ్చుకు ఆసరాగా నిలుస్తుంది. కూహ్ (కొండ), రాహ్ (దారి), మాహ్ (చంద్రుడు) మాటల్లో హకారం పలుకుతుంది, కాబట్టి అవి హల్లుతో ముగిసిన మాటలు: రాహ్-ఎ ఖానె, ఇంటి దారి. ఖానె (ఇల్లు), పంజెరె (కిటికీ) మాటల్లో రాతలో హే ఉన్నా నోట్లో లేదు. అవి అచ్చుతో ముగిసినట్టే లెక్క: పంజెరె-యె బాజ్, తెరిచిన కిటికీ.

ఏది ఏదో తెలుసుకోవడానికి నేను వాడే చిట్కా ఇది. హే ముందు ఆ, ఊ వంటి దీర్ఘాచ్చు కనిపిస్తే అది పలుకుతుంది. చివర ‘ఎ’ మాత్రమే వినిపిస్తే దాదాపు ఎప్పుడూ పలకదు. ‘దెహ్’ (పల్లె) వంటి చిన్న మాటలు కొన్ని దీనికి లొంగవు. మన పల్లె ‘దెహ్-ఎ మా’ అవుతుంది, ‘దె-యె మా’ కాదు. ఇటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, వచ్చినప్పుడు ఒకటొకటిగా నేర్చుకోవచ్చు.

రాతలో ఎందుకు కనిపించదు

ఫార్సీ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. ఎజాఫె కూడా హ్రస్వమైన ‘ఎ’ కాబట్టి అదీ రాయరు. పిల్లల పుస్తకాల్లో, కవిత్వపు పుస్తకాల్లో అక్షరం కింద చిన్న గీత పెడతారు, దాని పేరు కస్రె. పత్రికలో, ఉత్తరంలో ఆ గీత ఉండదు. కెతాబ్, ఖూబ్ అనే రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తాయి, ముడి మీరే వేసుకోవాలి.

అయితే పూర్తిగా చీకటి కాదు. మూడు చోట్ల చూడండి. మాట అలెఫ్‌తో గాని, ‘ఊ’ పలికే వావ్‌తో గాని ముగిస్తే ఎజాఫె కోసం ‘యే’ అక్షరాన్ని విడిగా రాస్తారు, కాబట్టి ‘దర్యా-యె’, ‘మూ-యె’ కళ్లకు కనిపిస్తాయి. పలకని హేతో ముగిస్తే ఆ హే నెత్తిన చిన్న హమ్జె గుర్తు పెడతారు, లేదా పక్కన విడిగా ‘యే’ రాస్తారు. ఆ హమ్జెను బద్ధకించి వదిలేసేవాళ్లూ చాలామంది. ఇక ‘సందలీ’లా ‘ఈ’తో ముగిసే మాటలకు రాతలో ఏమీ చేర్చరు, నోటితో మాత్రం ‘యె’ అనాలి.

కళ్లతో చూసి నేర్చుకోవాలనుకుంటే తజిక్ రాత ఒకసారి చూడండి. తజికిస్తాన్‌లో ఇదే భాషను సిరిలిక్ లిపిలో రాస్తారు. అక్కడ ఎజాఫెను మాట చివర ‘ఇ’గా అతికించి రాస్తారు, దాచరు. ‘కితోబి ఖూబ్’ అని మొత్తం అచ్చులో కనిపిస్తుంది.

ఆ హమ్జె గుర్తు నన్ను ఒకసారి బాగా ముంచింది. మొదట్లో ఒక బియ్యం వ్యాపారికి ఇరాన్ నుంచి వచ్చిన ఉత్తరం అనువదించాను. అందులో రెండు వేల ‘కీసె బెరెంజ్’ అని ఉందనుకున్నాను. కీసె అంటే సంచి, బెరెంజ్ అంటే బియ్యం. రెండు వేల సంచుల బియ్యం కావాలని రాసిచ్చాను. ఆయన సంబరంగా ధర కట్టి పంపాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు చదివాక తిరిగి మొదటి ఉత్తరం తీస్తే, కీసె చివరి హే నెత్తిన చిన్న హమ్జె ఉంది. అది ‘కీసె-యె బెరెంజ్’. వాళ్లు అడిగింది బియ్యం నింపుకునే ఖాళీ సంచులు.

ఇందులోని సూత్రం మీకు రోజూ పనికొస్తుంది. కొలత చెప్పేటప్పుడు ముడి ఉండదు. ‘యెక్ ఫెంజాన్ చాయ్’ అంటే ఒక కప్పు టీ, తాగేది. ‘ఫెంజాన్-ఎ చాయ్’ అంటే టీ కప్పు, కడిగి బోర్లించేది. ‘యెక్ లీవాన్ ఆబ్’ గ్లాసుడు నీళ్లు, ‘లీవాన్-ఎ ఆబ్’ నీళ్ల గ్లాసు. ‘దొ కీలో బెరెంజ్’, రెండు కిలోల బియ్యం, ముడి లేదు. తెలుగులో ‘కప్పు టీ’, ‘టీ కప్పు’ అని వరుస మార్చి చెప్పే తేడానే ఫార్సీ ఒక్క ‘ఎ’తో చెబుతుంది.

ముడి వేయకూడని చోట్లు

చార్మినార్ దగ్గర మొదలుపెడదాం. చార్ అంటే నాలుగు (ఇరానీలు పూర్తిగా ‘చహార్’ అంటారు), మినార్ అంటే మినారు. మధ్యలో ఎజాఫె లేదు. అంకె నామవాచకానికి ముందు వస్తుంది, ముందు వచ్చే మాటకు ముడి అక్కర్లేదు. ఇంకో విశేషం చూడండి, నాలుగు ఉన్నా మినార్ ఏకవచనంలోనే ఉంది. ఫార్సీలో అంకె చెప్పాక బహువచనం అనవసరం: దొ కెతాబ్, రెండు పుస్తకాలు.

అదే హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పాత పేరు బాగ్-ఎ-ఆమ్. బాగ్ తోట, ఆమ్ అంటే అందరిదీ అయిన. గుణం వెనుక వచ్చింది కాబట్టి ముడి పడింది. చార్మినార్‌కు లేదు, బాగ్-ఎ-ఆమ్‌కు ఉంది. ఏదైనా మాట దగ్గర సందేహం వస్తే ఈ రెండు పేర్లలో ఏ పేరులా ఉందో చూడండి.

చార్మినార్ జట్టులోనివి ఇంకా ఉన్నాయి. ‘ఇన్ కెతాబ్’ ఈ పుస్తకం, ‘ఆన్ మర్ద్’ ఆ మనిషి, ‘హర్ రూజ్’ ప్రతి రోజు. ‘అన్నిటికన్నా’ అని చెప్పే -తరీన్ రూపం కూడా ముందే వస్తుంది: బెహ్తరీన్ కెతాబ్, అన్నిటికన్నా మంచి పుస్తకం. కానీ ‘ఇంకా మంచి’ అనే -తర్ రూపం మామూలు గుణంలా వెనుక నిలబడుతుంది, ముడి అడుగుతుంది: కెతాబ్-ఎ బెహ్తర్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ‘బెహ్తరీన్-ఎ కెతాబ్’ అని ముడి వేసేస్తారు. ఇంగ్లీషు అలవాటూ కాదు, తెలుగు అలవాటూ కాదు, ఎజాఫె కొత్తగా నేర్చుకున్న ఉత్సాహం. ‘పుస్తకాల్లోకెల్లా మంచిది’ అని బహువచనంతో చెప్పినప్పుడు మాత్రం ‘బెహ్తరీన్-ఎ కెతాబ్‌హా’ సరైనదే. అది వేరే నిర్మాణం, ఇప్పుడే తల పాడుచేసుకోకండి.

‘దర్’ (లో), ‘అజ్’ (నుంచి), ‘బె’ (కు), ‘బా’ (తో) వంటివాటికీ ముడి లేదు: అజ్ టెహ్రాన్, బా మన్. కానీ ‘జీర్-ఎ మీజ్’ (బల్ల కింద), ‘రూ-యె మీజ్’ (బల్ల మీద) మాటలకు ఉంది. ఎందుకు? జీర్, రూ మొదట్లో నామవాచకాలే. జీర్ అంటే ‘కింది భాగం’, రూ అంటే ‘ముఖం, పైభాగం’. బల్ల యొక్క కింది భాగం అన్నట్టు. నామవాచకం కాబట్టి ముడి పడింది.

ఇంకో రకం ఉంది. రెండు మాటలు కలిసి ఒకే మాటగా గట్టిపడితే ముడి రాలిపోతుంది. పెదర్ తండ్రి, జన్ భార్య. ‘పెదర్-ఎ జన్’ కాస్తా ‘పెదర్‌జన్’ అయి మామగారికి పేరైంది. ‘సాహెబ్‌ఖానె’ అంటే ఇంటి యజమాని. సాలార్ జంగ్ బిరుదు ‘సాలార్-ఎ జంగ్’, యుద్ధ సేనాని. పలికి పలికి మధ్యలో ‘ఎ’ అరిగిపోయింది. షాజహాన్ కూడా ‘షాహ్-ఎ జహాన్’, లోకానికి రాజు.

ఇక్కడే ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. నిజాం-ఉల్-ముల్క్ పేరులోని ‘ఉల్’ ఎజాఫె కాదు. అది అరబ్బీ కట్టు. అర్థం అదే (రాజ్యపు నిర్వాహకుడు), పద్ధతి వేరు. టెహ్రాన్ ఖజానాలో దర్యా-యె నూర్‌తో పాటు నూర్-ఒల్-ఐన్ అనే గులాబీ వజ్రం ఉంది, ‘కంటి వెలుగు’. అదీ అరబ్బీ కట్టే. ‘ఉల్’ గాని ‘ఒల్’ గాని వినిపిస్తే అది పేరులాగా మొత్తంగా గుర్తుపెట్టుకోండి, ఆ పద్ధతిలో మీరు సొంతంగా కొత్త మాటలు కట్టకండి.

మీరు వీడియోల్లో వింటున్న మరో ‘ఎ’

దీని గురించి పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా చెబుతాయి, వీడియోలు చూసేవారికి మాత్రం మొదటి రోజే ఎదురవుతుంది. రాసే ఫార్సీలో ‘పుస్తకం మంచిది’ అంటే ‘కెతాబ్ ఖూబ్ అస్త్’. మాట్లాడేటప్పుడు ‘అస్త్’ కుదించుకుని ‘ఎ’ అయిపోతుంది: కెతాబ్ ఖూబె. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి బిగ్గరగా అనండి:

కెతాబ్-ఎ ఖూబ్: మంచి పుస్తకం.
కెతాబ్ ఖూబె: పుస్తకం మంచిది.

అవే మాటలు, అదే ధ్వని. ‘ఎ’ మొదటి మాట చివర ఉంటే ముడి, రెండో మాట చివర ఉంటే వాక్యం ముగిసింది. ఎజాఫె ఎప్పుడూ కట్ట చివర రాదు. అది వినిపించిందంటే ఇంకో మాట రావలసి ఉందన్నమాట. చెప్పి ఆగిపోతే వినేవాడు ఎదురుచూస్తాడు, మనం ‘ఇంటి...’ అని ఆగితే ‘ఇంటి ఏమిటి?’ అని అడిగినట్టే.

రాతలో ముళ్లు ఎక్కడ వేయాలో ఎలా కనిపెట్టాలి

ఒక వాక్యం తీసుకుందాం. పత్రికలో ముళ్లు లేకుండా ఇలా కనిపిస్తుంది:

బరాదర్ బొజొర్గ్ అలీ మొఅల్లెమ్ ఖూబీ అస్త్

సోదరుడు, పెద్ద, అలీ, ఉపాధ్యాయుడు, మంచి, ఉన్నాడు. మొదట చివరికి వెళ్లండి. ఫార్సీ క్రియ కూడా మన క్రియలాగే చివర వస్తుంది. ‘అస్త్’ ఉంది, అంటే ‘ఫలానావాడు ఫలానా’ అని చెప్పే వాక్యం. కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దారం తెగి రెండు కట్టలు కావాలి.

అస్త్ ముందున్న మాట ‘ఖూబీ’. ఖూబ్‌కు చివర ‘ఈ’ చేరింది. ఈ ‘ఈ’కి ‘ఒక’ అని అర్థం, ఇది కట్ట చివర కూర్చుంటుంది. కాబట్టి ఖూబీ దగ్గర ఒక కట్ట ముగిసింది. ఖూబ్ గుణం, దాని ముందు నామవాచకం కావాలి: మొఅల్లెమ్-ఎ ఖూబీ, ఒక మంచి ఉపాధ్యాయుడు. సరిపోయింది. మిగిలినవి బరాదర్, బొజొర్గ్, అలీ. బరాదర్-ఎ బొజొర్గ్-ఎ అలీ: అలీ పెద్ద సోదరుడు. మనం ఒక్క మాటలో ‘అన్న’ అనేదాన్ని వాళ్లు ఇలా రెండు మాటల్లో అంటారు.

ఇప్పుడు అలీ తరువాత కూడా ముడి వేసి చూడండి. ‘అలీ-యె మొఅల్లెమ్’ అంటే ‘ఉపాధ్యాయుడైన అలీ’ అవుతుంది, అది దొరికే మాటే. కానీ అప్పుడు చివర ‘ఖూబీ అస్త్’ అని ఒంటరిగా మిగిలిపోతుంది, వాక్యం కుంటుతుంది. అందుకని దారం అలీ దగ్గర తెగాలి. వాక్యం: బరాదర్-ఎ బొజొర్గ్-ఎ అలీ / మొఅల్లెమ్-ఎ ఖూబీ అస్త్. అలీ అన్న మంచి ఉపాధ్యాయుడు. చదివేటప్పుడు ఆ గీత దగ్గర గొంతు చిన్నగా ఆగుతుంది.

కట్ట ముగిసిందని చెప్పే గుర్తులు ఇంకా ఉన్నాయి. కర్మకు గుర్తుగా వచ్చే ‘రా’ కట్ట మొత్తం అయ్యాకే వస్తుంది: కెతాబ్-ఎ ఖూబ్-ఎ మన్ రా, నా మంచి పుస్తకాన్ని. ‘నా’ అనేదాన్ని ‘-అమ్’గా అతికిస్తే దానికి వేరే ముడి ఉండదు: కెతాబమ్, నా పుస్తకం. కెతాబ్-ఎ ఖూబమ్, నా మంచి పుస్తకం. గుణాలు రెండుంటే మధ్యలో ‘ఒ’ (మరియు) పెట్టవచ్చు, అప్పుడు ఆ చోట ముడి అక్కర్లేదు: కెతాబ్-ఎ ఖూబ్ ఒ అర్జాన్, మంచి, చవకైన పుస్తకం.

ఈ ‘ఎ’ ఎక్కడి నుంచి వచ్చింది

మీరు అడగలేదు గాని, ఇది చెప్పకుండా నేను ఏ పాఠమూ ముగించను. రెండున్నర వేల ఏళ్ల క్రితం దారియస్ చక్రవర్తి బిసుతూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో ‘కార హయ మనా’ అనే మాట ఉంది. కార అంటే సైన్యం, మనా అంటే నాది. మధ్యలోని ‘హయ’ మన ‘ఏదైతే’ వంటిది. ‘ఏది నాదో ఆ సైన్యం’, అంటే నా సైన్యం. ఆ హయ తరువాతి కాలపు ఫార్సీలో అరిగి ‘ఈ’ అయింది, ఇప్పుడు ‘ఎ’ అయింది. కాబట్టి కెతాబ్-ఎ ఖూబ్ అంటే లోపల ‘ఏది మంచిదో ఆ పుస్తకం’ అని.

మన ‘అందమైన’ అనే మాటను విప్పి చూడండి. అందము, అయిన. ‘అందమై ఉన్న’ అనే క్రియ ముక్క అది. మనం గుణాన్ని నామవాచకానికి ‘అయిన’తో కడుతున్నాం, వాళ్లు ‘ఏదైతే’ నుంచి పుట్టిన ‘ఎ’తో కడుతున్నారు. మనది గుణానికి అంటుకుంటుంది, వాళ్లది నామవాచకానికి. మళ్లీ అదే అద్దం.

మీకు నాలుగు మాటలు ఇస్తున్నాను, ముళ్లు లేకుండా. మీరు వేసి ఇక్కడే రాయండి, చూస్తాను.

సీబ్ సొర్ఖ్ (ఎర్ర ఆపిల్)
పంజెరె ఒతాగ్ మన్ (నా గది కిటికీ)
సె ఫెంజాన్ చాయ్ (మూడు కప్పుల టీ)
బెహ్తరీన్ దూస్త్ బరాదర్ తొ (నీ సోదరుడి ప్రాణస్నేహితుడు)

ఒకదానిలో ‘యె’ వస్తుంది, ఒకదానిలో అసలు ముడే పడదు. నాలుగోదానిలో మాటలు నాలుగున్నాయని మూడు ముళ్లు వేయకండి, రెండే పడతాయి. ఎందుకో చార్మినార్‌ను అడగండి.